12×12 గ్రో బ్యాగులో ఎన్ని లీటర్ల మట్టి, ఎన్ని కిలోల ఎరువు? మేడ మీద తోటకు లెక్క వేసుకునే పద్ధతి

విజయవాడలోనో గుంటూరులోనో మేడ మీద కూరగాయలు పెంచుదామని దుకాణానికి వెళితే ఒక్కో వస్తువూ ఒక్కో కొలతలో కనిపిస్తుంది. గ్రో బ్యాగు అంగుళాల్లో ఉంటుంది. వర్మీకంపోస్టు కిలోల్లో ఉంటుంది. కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్ దిమ్మ మీద 5 కిలోలని రాసి ఉంటుంది కానీ, తడిపాక అది ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఎర్రమట్టేమో సిమెంటు బస్తాల లెక్కన తెచ్చి పోస్తారు. వీటన్నిటినీ ఒకే కొలతలోకి మార్చుకోకుండా కొంటే బ్యాగులు సగం నిండి మట్టి అయిపోవడమో, ఎరువు బస్తాలు మూలన మిగిలిపోవడమో జరుగుతుంది. ఆ ఒకే కొలత లీటరు. ఇంట్లో ఉన్న 20 లీటర్ల నీళ్ల టిన్నో, బకెట్టో చాలు, అన్నీ దానితోనే కొలుచుకోవచ్చు.

ముందుగా బ్యాగును లీటర్లలోకి మార్చండి

గుండ్రటి గ్రో బ్యాగుకు సాధారణంగా రెండు అంకెలు రాస్తారు. మొదటిది మూతి వ్యాసం, రెండోది ఎత్తు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని ఎత్తుతో గుణించి, 78తో భాగించండి. అన్నీ అంగుళాల్లో ఉంటే వచ్చే జవాబు లీటర్లు. 12×12 బ్యాగుకు ఇలా:

12 × 12 × 12 ÷ 78 = సుమారు 22 లీటర్లు

ఇదే పద్ధతిలో 9×9 బ్యాగు 9 లీటర్ల పైచిలుకు, 15×15 బ్యాగు 43, 18×18 బ్యాగు 75 లీటర్లు పడతాయి. ఆకుకూరల కోసం అమ్మే వెడల్పాటి 24×9 బ్యాగు 66 లీటర్లు పడుతుంది. 12 నుంచి 15కి మారితే చూడటానికి మూడంగుళాల తేడానే, కానీ పట్టే మట్టి దాదాపు రెట్టింపు. ధర చూసేటప్పుడు ఇది గుర్తుంటే ఏ బ్యాగు చవకో, ఏది ఖరీదో సరిగ్గా తెలుస్తుంది. పొడవాటి దీర్ఘచతురస్రపు బ్యాగయితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ గుణించి 61తో భాగించాలి.

బ్యాగును అంచు దాకా నింపకూడదు. పైన రెండంగుళాలు ఖాళీ ఉండాలి. లేకపోతే నీళ్లు పోసినప్పుడల్లా మట్టీ ఎరువూ కలిసి మేడ మీదికి పొర్లిపోతాయి. కాబట్టి లెక్కలో ఎత్తును రెండంగుళాలు తగ్గించి వేసుకోండి. 12×12 బ్యాగులో నిజంగా పట్టేది 18.5 లీటర్లు.

ఇక్కడ చాలామంది ఒకచోట నష్టపోతారు. నర్సరీల్లో వాడే పలచటి నల్ల కవర్లకు కూడా 12×12 అని రాసి ఉంటుంది. కానీ అది కవరును నేల మీద పరిచి కొలిచిన వెడల్పు. దాన్ని విప్పి మట్టి నింపితే మూతి ఏడున్నర అంగుళాలే వస్తుంది, అందులో 9 లీటర్లు కూడా పట్టవు. వంగ మొక్కకు సరిపోతుందని తెచ్చుకున్న సంచి నిజానికి నారు కవరంత ఉంటుందన్నమాట. తేలిగ్గా తెలుసుకోవాలంటే టేపుతో మూతి చుట్టుకొలత చూడండి. నిజమైన 12 అంగుళాల బ్యాగు చుట్టుకొలత దాదాపు 38 అంగుళాలు ఉండాలి. 24 ఉంటే అది పరిచి కొలిచిన కవరే. ఫోన్‌లో చూసి తెప్పించుకునేటప్పుడు ‘వ్యాసం’ అని రాశారా, ఉత్తి ‘వెడల్పు’ అని రాశారా అన్నది తప్పకుండా చూడండి. స్పష్టంగా లేకపోతే అడిగాకే కొనండి.

ప్లాస్టిక్, మట్టి కుండీలకు ఇంకో తిరకాసు ఉంది. వాటికి చెప్పేది పైమూతి కొలత, అడుగు సన్నగా ఉంటుంది. పైన 12, అడుగున 9, ఎత్తు 10 అంగుళాలున్న కుండీని పూర్తిగా నింపినా దాదాపు 14 లీటర్లే పడుతుంది. పైకొలతా అడుగుకొలతా కలిపి సగం చేసి, ఆ అంకెనే వ్యాసంగా తీసుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. మట్టి కుండీ అయితే గోడ మందం వదిలేసి లోపలి వైపే కొలవాలి.

బ్యాగు మందాన్ని జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్కలో చెబుతారు. మన ఎండకు 200 జీఎస్ఎం పైన ఉన్న, ఎండ తట్టుకునేలా యూవీ రక్షణ ఉన్న హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ బ్యాగులే కొనడం మంచిది. అంతకన్నా పలచటివి వేసవిలో పెళుసుబారి, పక్కకు జరపబోతే అంచు చేతికి ఊడొస్తుంది. రంగు విషయంలో నేను గట్టిగానే చెబుతాను: బయటివైపు తెలుపో లేత రంగో ఉన్నవి తీసుకోండి. రోహిణీ కార్తెలో నల్ల సంచి పక్కభాగం చేత్తో తాకలేనంత కాలుతుంది. ఆ వేడి నేరుగా దాన్ని ఆనుకుని ఉన్న వేళ్లకు తగులుతుంది.

ఏ మొక్కకు ఎంత బ్యాగు

టమాటా, వంగ, మిర్చి మొక్కకు 12×12 కనీసం, ఒక బ్యాగుకు ఒకే మొక్క. చోటుంటే 15×12 ఇంకా నయం, 35 లీటర్ల దాకా పడుతుంది. ఏప్రిల్‌లో ఒక పూట నీళ్లు ఆలస్యమైనా మొక్క తట్టుకుంటుంది. తోటకూర, పాలకూర, కొత్తిమీరకు లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి, అందుకే 24×9. గోంగూర వేరు లోతుకు దిగుతుంది కాబట్టి దాన్ని కూడా 12 అంగుళాల లోతున్న వాటిలోనే పెట్టండి. బీర, సొర, కాకర వంటి పాదులకు 18×18 ఇవ్వాలి. చిన్న సంచిలో పాదు పెడితే తీగ బాగానే పాకుతుంది, పిందె మాత్రం నిలవదు. 9×9 బ్యాగును పూలమొక్కలకూ పుదీనాకూ ఉంచుకోండి.

బరువు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. తడిసిన మిశ్రమం లీటరు ఒక కిలోకు పైనే తూగుతుంది. 12×12 బ్యాగు 20 కిలోలు దాటుతుంది, 18×18 బ్యాగు 70 కిలోలకు పైమాటే. పెద్ద బ్యాగులను శ్లాబు మధ్యలో కాకుండా కింద గోడో దూలమో ఉన్న చోట వరుసగా పెట్టండి. నింపాక జరపలేరు కాబట్టి ముందే ఇటుకల మీద నిలబెట్టి నింపండి. అడుగున గాలి ఆడుతుంది, నీరు నిలవక శ్లాబూ చెడదు.

మట్టి మిశ్రమం

నేను నమ్మే పాళ్లు ఇవి: పది బకెట్ల మిశ్రమంలో నాలుగు బకెట్లు ఎర్రమట్టి, మూడు బకెట్లు మాగిన ఎరువు, మూడు బకెట్లు తడిపిన కోకోపీట్. మూడూ సమపాళ్లలో కలపమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అది తప్పు కాదు, కానీ మట్టి తక్కువైతే మేడ మీది ఎండకూ గాలికీ తేమ త్వరగా పోతుంది, పొడుగ్గా పెరిగిన వంగ మొక్క గాలివానకు వేళ్లతో సహా వాలిపోతుంది.

మన దగ్గర పునాదులు తవ్వినచోట ఊరికే దొరికేది నల్లరేగడి. గుంటూరు చుట్టుపక్కలైతే మరీను. పొలంలో అది బంగారమే. బ్యాగులో మాత్రం తడిస్తే బంకలా ముద్దకట్టి వేరుకు గాలి ఆడనివ్వదు, ఎండితే నెర్రెలిచ్చి పోసిన నీళ్లన్నీ పక్కల నుంచి కారిపోతాయి. అదొక్కటే దొరికితే నాలుగు బకెట్ల మట్టిలో రెండు బకెట్లకు మించి రేగడి వాడకండి, మిగతా రెండూ ముతక ఇసుక వేయండి. ఎర్రమట్టిలో సిమెంటు పెళ్లలు, సున్నం ముక్కలు ఉంటే ఆ లోడు వద్దని చెప్పండి.

కోకోపీట్ 5 కిలోల దిమ్మను 20 నుంచి 25 లీటర్ల నీళ్లలో నానబెడితే దాదాపు 70 లీటర్ల పొట్టు వస్తుంది. 650 గ్రాముల చిన్న ఇటుక 8 లీటర్లు ఇస్తుంది. నానిన పొట్టును ఒకటికి రెండుసార్లు మంచినీళ్లతో కడిగి పిండండి. కొబ్బరి పీచులో సహజంగానే ఉప్పు ఉంటుంది. కడగకుండా కలిపితే వారం పది రోజుల్లో ఆకు కొసలు గోధుమరంగులో మాడతాయి, మట్టి పైన తెల్లటి పొర కడుతుంది. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. నిజానికి బ్యాగు అడుగు నుంచి ధారాళంగా కారేదాకా ఒకటి రెండుసార్లు మంచినీళ్లు పోస్తే ఆ ఉప్పు చాలావరకు కిందికి దిగిపోతుంది.

ఎరువు ఎంత, మంచిదో కాదో ఎలా తెలుస్తుంది

వర్మీకంపోస్టు లీటరు సుమారు 700 గ్రాములు తూగుతుంది. బస్తా మీద కిలోలుంటే ఆ అంకెను 0.7తో భాగించి లీటర్లు చేసుకోండి. 5 కిలోల ప్యాకెట్ అంటే 7 లీటర్లు. బాగా తడిగా ఉన్న ఎరువు లీటరు 900 గ్రాముల దాకా తూగుతుంది, అంటే నీళ్లకు కూడా డబ్బులిచ్చినట్టే. మంచి వర్మీకంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి చూడండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ముద్దగా నిలబడి, వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలాలి. తొలకరి వాన పడ్డ మట్టి వాసన రావాలి. పేడ వాసనో ముక్కు మండించే ఘాటో ఉంటే అది ఇంకా మాగలేదు.

అనుమానంగా ఉంటే గుప్పెడు ఎరువును కొద్దిగా తడిపి, ప్లాస్టిక్ కవరులో గాలి పోకుండా కట్టి మూడు రోజులు పక్కన పెట్టండి. విప్పినప్పుడు కుళ్లు కంపు కొడితే దాన్ని మరో నెల నీడలో కుప్పగా ఉంచి, మధ్యమధ్యలో తిరగేస్తూ మాగనివ్వాలి. పచ్చి ఎరువు బ్యాగులో పడితే అక్కడే కుళ్లుతూ వేడెక్కుతుంది, నారు రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తే పరిస్థితి మరింత చెడుతుంది.

వర్మీకంపోస్టు ఖరీదెక్కువ అనుకుంటే ఎరువు భాగంలో సగం మాగిన పశువుల ఎరువు వాడండి. దాన్ని తప్పకుండా జల్లెడ పట్టాలి. పేడకుప్పల్లో వంకర తిరిగి ఉండే తెల్లటి లావు పురుగులు ఉంటాయి, అవి బ్యాగులోకి చేరితే వేళ్లు కొరికేస్తాయి. కోళ్ల ఎరువు మాత్రం మొదటిసారి తోట వేసేవాళ్లు వాడకపోవడమే మంచిది. అందులో నత్రజని ఘాటు ఎక్కువ, మోతాదు కొంచెం తప్పినా మొక్క మాడుతుంది.

వేప పిండిని మిశ్రమం లీటరుకు 5 గ్రాముల చొప్పున కలపండి. 12×12 బ్యాగుకు ఇది సుమారు 100 గ్రాములు, అంటే రెండు గుప్పెళ్లు. మంచి వేప పిండి ముదురు గోధుమరంగులో ఉండి, వేపనూనె వాసన గట్టిగా కొడుతుంది. వాసన లేకుండా ఊక ఊకగా ఉంటే కల్తీ అనుకోవచ్చు. కాయగూరల బ్యాగులకు ఎముకల పొడి లీటరుకు 2 నుంచి 3 గ్రాములు వేస్తే పూతకు కావలసిన భాస్వరం నెమ్మదిగా అందుతుంది. అది ఇష్టం లేనివాళ్లు ఎరువు భాగాన్ని కొంచెం పెంచుకుని మానేయవచ్చు.

ఒక మేడ లెక్క

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి మేడ మీద ఇలా పెట్టాలనుకున్నారని అనుకుందాం: వంగ, టమాటాలకు ఆరు 12×12 బ్యాగులు, ఆకుకూరలకు రెండు 24×9 బ్యాగులు, బీర పాదుకు ఒక 18×18 బ్యాగు. పైన రెండంగుళాలు వదిలి లెక్క వేస్తే:

12 × 12 × 10 ÷ 78 = 18.5 లీటర్లు, ఆరింటికి 111
24 × 24 × 7 ÷ 78 = 52 లీటర్లు, రెండింటికి 104
18 × 18 × 16 ÷ 78 = 66.5 లీటర్లు, ఒకదానికి 67

మొత్తం 282 లీటర్లు. కానీ మూడు వస్తువులు కలిపినప్పుడు సన్నటిది ముతకదాని సందుల్లోకి దిగి కొలత తగ్గుతుంది. అందుకని పదో వంతు ఎక్కువ వేసుకుని 310 లీటర్లనుకోండి.

ఇందులో ఎర్రమట్టి 124 లీటర్లు. 50 కిలోల సిమెంటు బస్తా 35 లీటర్లు పడుతుంది కాబట్టి నాలుగు బస్తాల మట్టి సరిపోయి కొంచెం మిగులుతుంది. మిగిలింది పారేయకండి, వానకు వేళ్లు బయటపడినప్పుడు కప్పడానికి కావాలి. కోకోపీట్ 93 లీటర్లు, అంటే 5 కిలోల దిమ్మ ఒకటి, చిన్న ఇటుకలు మూడు. ఎరువు కూడా 93 లీటర్లే. అంతా వర్మీకంపోస్టే వాడితే 65 కిలోలు కొనాలి. సగం పశువుల ఎరువు అయితే వర్మీకంపోస్టు 33 కిలోలు, జల్లించిన పశువుల ఎరువు 46 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నుతో రెండు టిన్నుల పైన ఇంకొంచెం. వేప పిండి కిలోన్నర. ఎముకల పొడి వంగ, టమాటా, బీర బ్యాగులకే కాబట్టి అర కిలో చాలు, దాన్ని అన్నిటికీ కలిపే కుప్పలో కాకుండా ఆ బ్యాగులు నింపేటప్పుడు వేయండి. 12×12 కి 50 గ్రాములు, బీర బ్యాగుకు 150 గ్రాములు.

పట్టా పరిచి ఎర్రమట్టి, ఎరువు, వేప పిండి పొడిగా ఉన్నప్పుడే బాగా కలపండి. తడి కోకోపీట్ చివర్లో చేర్చి మళ్లీ రెండుసార్లు తిరగేయండి. బ్యాగు అడుగు రంధ్రాల మీద ఒక్కో పెంకు ముక్క బోర్లించి, మిశ్రమాన్ని మూడు విడతలుగా నింపండి. ప్రతి విడతకూ బ్యాగును రెండు వైపులా పట్టుకుని నేలకు తట్టండి. చేత్తో గట్టిగా అదమొద్దు. నిండాక నీళ్లు పోసి, పది నుంచి పదిహేను రోజులు తేమ ఆరకుండా ఉంచండి. వేప పిండి కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, అది చల్లారాకే నారు పెట్టాలి. చెయ్యి నాలుగంగుళాలు లోపలికి పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. ఈ రెండు వారాల్లో మట్టి అంగుళం దిగుతుంది, పక్కన ఉంచిన మిశ్రమంతో మళ్లీ పూడ్చండి.

నాటాక ఇచ్చే ఎరువు

బ్యాగులో మొదట కలిపిన ఎరువు కాయగూరలకు నెల రోజులు సరిపోతుంది. ఆ తరువాత ప్రతి 15 నుంచి 20 రోజులకు 12×12 బ్యాగుకు 200 గ్రాముల వర్మీకంపోస్టు వేయండి. కాండం మొదట్లో కాదు, దానికి నాలుగంగుళాల దూరంలో చుట్టూ వేసి, పైపైన మట్టిలో కలిపి నీళ్లు పెట్టండి. తిండి పీల్చే సన్నవేళ్లు ఉండేది అక్కడే. నెలకొకసారి 30 గ్రాముల వేప పిండి కలపండి. 18×18 బీర బ్యాగుకు దీనికి మూడింతలు. 24×9 ఆకుకూరల బ్యాగుకు ఒక్కో కోతకూ ఒక కిలో పలచగా చల్లితే చాలు.

నెలకు సరిపడా ఎరువు ఒకేసారి వేసేయవచ్చు కదా అనిపిస్తుంది. మేడ మీది బ్యాగుకు రోజూ నీళ్లు పోస్తాం, అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు పడితే బ్యాగులోంచి నీరు ధారగా కారుతుంది. కరిగిన పోషకాలన్నీ ఆ నీటితోనే పోతాయి. ముసురు పట్టినప్పుడు ఎరువు వేయకండి, వాన వెలిసి రెండు రోజులయ్యాక వేయండి.

పూత మొదలైన టమాటాకూ వంగకూ వేరుశెనగ చెక్క నీళ్లు బాగా పనిచేస్తాయి. 100 గ్రాముల చెక్కను లీటరు నీళ్లలో మూడు రోజులు మూతపెట్టి నానబెట్టి, వడకట్టి, పది లీటర్ల నీళ్లు కలపండి. బ్యాగుకు అర లీటరు, పదిహేను రోజులకొకసారి. అదే వారం వర్మీకంపోస్టు వేసి ఉంటే ఇది మానండి. ఎరువు ఎక్కువైతే మొక్కే చెబుతుంది: ఆకులు ముదురు పచ్చగా, పెద్దగా వస్తాయి, లేత చిగుళ్లకు పేనుబంక పడుతుంది, పూత మాత్రం కనిపించదు. అప్పుడు నెల రోజులు ఏమీ వేయకండి. దీనికి భిన్నంగా, అడుగు ఆకులు ముందుగా పసుపెక్కి, ఆ పసుపు క్రమంగా పైకి పాకుతుంటే నత్రజని చాలడం లేదని అర్థం, తరువాతి విడత ఎరువు వారం ముందే వేయండి. అడుగు ఆకులు పసుపెక్కడంతో పాటు మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటే లోపం ఎరువులో కాదు, బ్యాగు రంధ్రాలు పూడిపోయాయేమో చూడండి.

పంట తీసేశాక

ఆ మట్టిని పారేయక్కర్లేదు. మొక్కను వేళ్లతో సహా పెకిలించి, మట్టిని పట్టా మీద పోసి, వేరుముక్కలు ఏరి, వారం పది రోజులు ఎండలో ఆరనివ్వండి. మే నెల ఎండ దొరికితే మట్టిలోని పురుగులూ తెగుళ్లూ చాలావరకు తగ్గుతాయి. వేళ్ల మీద ఉబ్బెత్తుగా బుడిపెలు కనిపిస్తే అది నులిపురుగు. ఆ మట్టిని కూరగాయలకు వాడకండి, మిగతా మట్టిలో కలవకుండా వేరుగా ఉంచండి.

ఒక పంట కాలానికి 12×12 బ్యాగులో మట్టి దాదాపు రెండంగుళాలు దిగుతుంది. ఎంత పూడ్చాలో అదే సూత్రం చెబుతుంది: 12 × 12 × 2 ÷ 78 అంటే 3.7 లీటర్లు, కిలోల్లో రెండున్నర కిలోల వర్మీకంపోస్టు. దానితో పాటు రెండు గుప్పెళ్ల వేప పిండి కలిపి మళ్లీ పది రోజులు ఆగి నాటండి. వంగ పెట్టిన బ్యాగులో వెంటనే టమాటానో మిర్చినో పెట్టొద్దు, మూడూ ఒకే కుటుంబం కాబట్టి తెగుళ్లూ ఒకటే. ఆ బ్యాగులో బెండో గోరుచిక్కుడో వేసి, ఆకుకూరల బ్యాగుకు మాత్రం ప్రతి రెండు కోతలకూ ఒకసారి విత్తనం మార్చుకుంటే సరిపోతుంది. ఏ బ్యాగులో ఏ పంట వేశారో, ఎప్పుడు నింపారో, ఎన్ని లీటర్లో పెయింటు మార్కరుతో బ్యాగు పక్కనే రాసి పెట్టుకోండి.